నీటికి పంపు లేదు, ఉప్పే దారి
రక్తాన్ని వడగట్టే నెఫ్రాన్, మూత్రాన్ని చిక్కబరిచే హెన్లీ శిక్యం ఎలా పనిచేస్తాయి?

శరీరంలో ఉప్పును ఒకచోటి నుంచి మరోచోటికి తోడే పంపులున్నాయి. గ్లూకోజును మోసుకెళ్లే ప్రోటీన్లున్నాయి. నీటిని నేరుగా తోడే పంపు మాత్రం ఒక్కటీ లేదు. అయినా రెండు మూత్రపిండాలూ కలిసి రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని రక్తం నుంచి వడగట్టి, అందులో 178 లీటర్లకు పైగా తిరిగి రక్తంలోకే చేరుస్తాయి. మిగిలిన లీటరు, లీటరున్నర మూత్రంగా బయటికి పోతుంది. నీటిని ముందుగా బయటికి నెట్టేది రక్తపోటు. ఆ తర్వాత వెనక్కి లాగేది ఉప్పు. ఈ రెండు పనులూ జరిగే సన్నని గొట్టమే నెఫ్రాన్. ఒక్కో మూత్రపిండంలో ఇలాంటివి సగటున 10 లక్షల దాకా ఉంటాయి. పుట్టిన తర్వాత కొత్త నెఫ్రాన్లు ఏర్పడవు, పాడైనవాటి స్థానంలో మళ్లీ పుట్టవు.

మూత్రపిండాన్ని నిలువుగా కోస్తే రెండు పొరలు కనిపిస్తాయి. బయటిది వల్కలం, లోపలిది దవ్వ. ప్రతి నెఫ్రాన్ వల్కలంలో ఒక చిన్న రక్తనాళాల గుచ్ఛంతో మొదలవుతుంది. దాన్ని గ్లోమెరులస్ అంటారు. దాని చుట్టూ గిన్నెలా ఉండే తొడుగు బౌమన్ గుళిక. గుళిక నుంచి బయల్దేరిన గొట్టం వల్కలంలోనే కొంతదూరం మెలికలు తిరిగి, తర్వాత తిన్నగా దవ్వలోకి దిగుతుంది. అడుగున మలుపు తీసుకుని వచ్చిన దారికి పక్కనే మళ్లీ పైకి ఎక్కుతుంది. దిగి ఎక్కే ఈ భాగమే హెన్లీ శిక్యం. 1862లో దీన్ని వర్ణించిన జర్మన్ శరీర నిర్మాణ శాస్త్రవేత్త యాకోబ్ హెన్లీ పేరే దానికి స్థిరపడింది. పైకి వచ్చిన గొట్టం మరికొన్ని మెలికల తర్వాత సంగ్రహణ నాళంలో కలుస్తుంది. ఆ నాళం మళ్లీ దవ్వ గుండానే కిందికి దిగి మూత్రాన్ని బయటికి పంపుతుంది. ఒకే ద్రవం దవ్వ గుండా మొత్తం మూడుసార్లు ప్రయాణిస్తుందన్నమాట. మూత్రం చిక్కబడే రహస్యమంతా ఈ దారిలోనే ఉంది.

వడపోతకు కావలసింది ఒత్తిడి

గుండె నిమిషానికి పంపే రక్తంలో దాదాపు అయిదో వంతు, అంటే లీటరుకు కాస్త పైగా, మూత్రపిండాలకే వెళ్తుంది. రెండింటి బరువూ కలిపి 300 గ్రాములే. వాటి సొంత అవసరాలకు ఇంత రక్తం అక్కర్లేదు. ఇదంతా వడపోత కోసమే.

ఇతర అవయవాల్లో సన్నని రక్తకేశనాళికల తర్వాత సిరలు ఉంటాయి. గ్లోమెరులస్ తీరు వేరు. లోపలికి రక్తం తెచ్చే ధమనిక ఒకటైతే, బయటికి తీసుకెళ్లేదీ ధమనికే, అదీ మరింత సన్ననిది. నీళ్ల పైపు కొసను వేలితో సగం మూస్తే వెనక ఒత్తిడి పెరిగినట్టు, ఈ ఇరుకు దారి వల్ల గ్లోమెరులస్‌లో రక్తపోటు మిగతా కేశనాళికల కన్నా ఎక్కువగా, 60 మిల్లీమీటర్ల పాదరసం దగ్గర నిలుస్తుంది. ఈ ఒత్తిడి ద్రవాన్ని గుళికలోకి నెడుతుంది. దానికి ఎదురుగా రెండు బలాలున్నాయి. అప్పటికే గుళికలో ఉన్న ద్రవం 18 మిల్లీమీటర్ల ఒత్తిడితో వెనక్కి నెడుతుంది. రక్తంలోని ప్రోటీన్లు 32 మిల్లీమీటర్ల బలంతో నీటిని తమవైపు లాగుతాయి. 60లోంచి ఈ రెండూ పోతే మిగిలేది 10. అంత స్వల్పమైన బలంతోనే నిమిషానికి 125 మిల్లీలీటర్లు వడగట్టబడతాయి. శరీరంలోని ప్లాస్మా మొత్తం మూడు లీటర్లే. అంటే అదే ప్లాస్మా రోజుకు దాదాపు 60 సార్లు ఈ జల్లెడ మీదకు వస్తుంది.

మిగిలే బలం అంత తక్కువ కాబట్టే వడపోత తేలిగ్గా దెబ్బతింటుంది. విపరీతంగా విరేచనాలై రక్తపోటు బాగా పడిపోతే మూత్రం ఆగిపోవడానికి కారణం ఇదే. ఒంట్లో నీరు తగ్గినప్పుడు లోపలికి వచ్చే ధమనిక మూసుకుపోకుండా ప్రోస్టాగ్లాండిన్లనే రసాయనాలు కాపాడతాయి. డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు వాటి తయారీనే ఆపేస్తాయి. మండుటెండలో పనిచేసి, సరిగా నీళ్లు తాగక, ఒళ్లు నొప్పులకు ఆ మాత్ర వేసుకుంటే మూత్రపిండం మీద రెండు వైపుల నుంచీ దెబ్బ పడుతుంది.

జల్లెడలో మూడు పొరలున్నాయి. మొదటిది కేశనాళిక గోడ. దానిలోని రంధ్రాల్లోంచి నీరు, లవణాలు సులువుగా దాటిపోతాయి కానీ రక్తకణాలు పట్టవు. రెండోది దాని వెనక ఉండే పలచని ఆధార పొర. మూడోది పోడోసైట్లనే కణాల వరుస. ఈ కణాల పాదాలు ఒకదాని మధ్యలోకి ఒకటి చొచ్చుకుని, మధ్య సన్నని చీలికలు వదులుతాయి. ఆ చీలికలను నెఫ్రిన్ అనే ప్రోటీనుతో అల్లిన పొర కప్పి ఉంచుతుంది. గ్లూకోజు, యూరియా, సోడియం లాంటి చిన్న అణువులకు ఈ మూడు పొరలూ అడ్డు కావు. రక్తంలో అత్యధికంగా ఉండే ప్రోటీను ఆల్బుమిన్. అది పెద్దది, పైగా రుణావేశం ఉన్నది. జల్లెడకూ రుణావేశమే కాబట్టి అది దాదాపుగా దాటలేదు.

ఈ సంగతి రుజువైంది ఒక కప్ప మూత్రపిండంలో. అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో జోసెఫ్ వెర్న్, ఆల్ఫ్రెడ్ న్యూటన్ రిచర్డ్స్ సూక్ష్మదర్శిని కింద కప్ప బౌమన్ గుళికలోకి అతి సన్నని గాజు గొట్టం గుచ్చి, అక్కడి ద్రవాన్ని అతి కొద్దికొద్దిగా పీల్చి తీశారు. 1924లో ప్రచురించిన ఫలితాల్లో తేలిందిది: ఆ ద్రవంలో ప్రోటీన్ లేదు, కానీ గ్లూకోజు, క్లోరైడు ఉన్నాయి. అదే కప్ప మూత్రాశయంలోని మూత్రంలో మాత్రం అవి కనిపించలేదు. అంటే గ్లోమెరులస్ వ్యర్థాలను ఏరి బయట పడేయడం లేదు. చిన్న అణువులన్నిటినీ బయటికి వదిలేస్తోంది. కావలసినవాటిని వెనక్కి తీసుకోవడం తర్వాతి గొట్టం పని.

జల్లెడ చిల్లుపడితే ఆల్బుమిన్ మూత్రంలోకి జారిపోతుంది. మూత్రం నురగ కడుతుంది. రక్తంలో నీటిని పట్టి ఉంచే ప్రోటీన్ తగ్గి కళ్ల చుట్టూ, కాళ్లలో వాపు వస్తుంది. మధుమేహంలో ముందుగా కనిపించే జాడ కూడా మూత్రంలో కొద్దికొద్దిగా ఆల్బుమిన్ పోవడమే. అయితే జబ్బు జల్లెడలో కాక గొట్టాల్లో, వాటి చుట్టూ ఉన్న కణజాలంలో మొదలైతే ఈ జాడ కనిపించకపోవచ్చు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో కనిపించే మూత్రపిండాల జబ్బు ఎక్కువగా ఈ రెండో రకానిది. మూత్రంలో ప్రోటీన్ పెద్దగా పోకుండానే రక్తంలో క్రియాటినిన్ పెరుగుతుంది.

మొదటి మెలికల్లోనే మూడింట రెండు వంతులు

గుళికను దాటిన ద్రవం మొదట చేరే మెలికల భాగంలో, వడగట్టిన నీటిలోనూ ఉప్పులోనూ 65 శాతం తిరిగి రక్తంలోకి వెళ్తుంది. ఇక్కడి కణాలు సోడియాన్ని తోడతాయి. దాని వెంటే, దాని ఆకర్షణకు లోబడి, నీరు పోతుంది. గ్లూకోజు కూడా సోడియంతో జతకట్టి వెనక్కి వెళ్తుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషిలో రోజుకు వడగట్టబడే 180 గ్రాముల గ్లూకోజు దాదాపు మొత్తం ఇక్కడే రక్తానికి చేరుతుంది. రక్తంలో చక్కెర 180 మిల్లీగ్రాములు దాటితే మోసే ప్రోటీన్లు చాలక, మిగిలింది మూత్రంలో పడుతుంది. అలా పడిన చక్కెర తనతో నీటినీ పట్టుకుపోతుంది. మధుమేహం ముదిరినప్పుడు అతిమూత్రం, తీరని దాహం అందుకే.

నీరూ ఉప్పూ ఒకే నిష్పత్తిలో పోవడంతో, ఈ భాగం చివర ద్రవం పరిమాణం తగ్గుతుందే తప్ప గాఢత మారదు. అది రక్తంతో సమానంగా 300 మిల్లీఆస్మోల్ దగ్గరే ఉంటుంది. లీటరు ద్రవంలో కరిగి ఉన్న కణాల మొత్తానికి ఈ అంకె కొలమానం. మూత్రం మాత్రం 1200 దాకా చిక్కబడగలదు. ఈ నాలుగింతల తేడా ఎక్కడి నుంచి వస్తుందన్నది చాలాకాలం తేలలేదు.

రెండు పాయలు, రెండు స్వభావాలు

హెన్లీ శిక్యంలో దిగే పాయ, ఎక్కే పాయ పక్కపక్కనే ఉంటాయి. స్వభావంలో మాత్రం ఒకదానికొకటి వ్యతిరేకం. దిగే పాయ గోడల నిండా ఆక్వాపోరిన్లు అనే నీటి ద్వారాలున్నాయి. నీరు ధారాళంగా బయటికి పోగలదు. ఎక్కే పాయ గోడలోంచి నీరు చుక్క కూడా దాటదు. కానీ దాని పైభాగంలోని మందపాటి గోడ సోడియం, పొటాషియం, క్లోరైడులను గొట్టంలోంచి లోపలికి లాగి, ఉప్పును చుట్టూ ఉన్న కణజాలంలోకి తోడేస్తుంది. నీరు వెంట రాలేదు కాబట్టి బయట ఉప్పు పేరుకుంటుంది, గొట్టంలోని ద్రవం పలచనవుతుంది. ఏ ఎత్తు దగ్గర చూసినా ఈ పంపు నిలబెట్టగల తేడా సుమారు 200 మిల్లీఆస్మోల్ మాత్రమే.

కేవలం 200 తేడాతో 300ను 1200 చేయడం ఎలా? ద్రవం ఎదురెదురుగా ప్రవహించడంలోనే దీనికి సమాధానం ఉంది. లెక్క ఇలా నడుస్తుంది.

మొదట అంతటా 300 ఉందనుకోవాలి. ఎక్కే పాయ ఉప్పును తోడగానే దాని లోపల 200కు తగ్గుతుంది, బయటి కణజాలంలో 400కు పెరుగుతుంది. దిగే పాయలోంచి నీరు బయటికి వెళ్లి అక్కడా 400 అవుతుంది. ఇప్పుడు పైనుంచి 300 గాఢత గల కొత్త ద్రవం వచ్చి, దిగే పాయలోని 400 ద్రవాన్ని ముందుకు నెడుతుంది. అది అడుగు మలుపు తిరిగి ఎక్కే పాయ కింది భాగంలోకి చేరుతుంది. పంపు మళ్లీ 200 తేడా తెస్తుంది. ఈసారి అడుగున మొదలైంది 400 నుంచి కాబట్టి, ఎక్కే పాయలో 300, బయట 500 అవుతుంది. పైభాగంలో మొదలైంది 200, 300ల నుంచి కాబట్టి అక్కడ 150, 350 దగ్గర ఆగుతుంది. రెండే విడతల్లో పైకీ కిందికీ మధ్య 150 తేడా వచ్చింది. మరో విడత ద్రవం కదిలితే ఈ 500 మలుపు తిరుగుతుంది, పంపు దాని మీద మళ్లీ పనిచేస్తుంది. పంపు బలం పెరగలేదు. ఒక విడతలో సాధించింది తర్వాతి విడతకు పునాది అవుతోంది, అంతే. నిజానికి మూత్రపిండంలో ఇవి విడతలుగా జరగవు. ప్రవాహమూ తోడటమూ ఎడతెగకుండా ఒకేసారి సాగుతాయి. ఫలితం మాత్రం ఇదే. వల్కలం అంచున 300తో మొదలై దవ్వ కొనకు వెళ్లేసరికి గాఢత 1200కు చేరుతుంది.

ఈ ఊహను ముందుకు తెచ్చింది వైద్యుడు కాదు, భౌతిక రసాయన శాస్త్రవేత్త వెర్నర్ కూన్. 1951లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో కూన్, హైన్రిక్ విర్ట్స్, హార్గిటె కలిసి దీన్ని పరీక్షించారు. దాహంతో ఉంచిన ఎలుకల మూత్రపిండాలను గడ్డకట్టించి పలచని ముక్కలు కోశారు. ముక్కల్లోని మంచు స్ఫటికాలు ఏ ఉష్ణోగ్రత దగ్గర కరుగుతున్నాయో సూక్ష్మదర్శినిలో చూశారు. ద్రవం ఎంత గాఢమైతే మంచు అంత తక్కువ ఉష్ణోగ్రత దగ్గరే కరుగుతుంది. వల్కలం నుంచి దవ్వ కొనవైపు వెళ్లేకొద్దీ కరిగే ఉష్ణోగ్రత క్రమంగా పడిపోయింది. మూత్రం చివరి నాళంలో మాత్రమే చిక్కబడుతోందన్న అభిప్రాయం అలా కదిలింది. దవ్వ మొత్తమే గాఢంగా ఉంది. 1950ల చివర కార్ల్ గాట్‌చాక్, మార్గరెట్ మిల్లీ ఎలుక జాతి జీవుల నెఫ్రాన్లలో వేర్వేరు చోట్ల ద్రవం తీసి కొలిచాక ఈ వివరణ స్థిరపడింది.

ఒక చిక్కు మాత్రం ఇంకా పూర్తిగా వీడలేదు. ఉప్పు తోడే మందపాటి భాగం దవ్వ బయటి సగంలోనే ఉంటుంది. లోపలి సగంలో ఎక్కే పాయ గోడ పలచగా ఉంటుంది, అక్కడ అలాంటి బలమైన పంపు లేదు. అక్కడి గాఢత అంతగా పెరగడంలో యూరియాకు పెద్ద పాత్ర ఉందని తెలుసు. దవ్వ కొనలోని గాఢతలో దాదాపు సగం యూరియాదే. సంగ్రహణ నాళం చివర్నుంచి అది కణజాలంలోకి జారి అక్కడే నిలుస్తుంది. తిండిలో మాంసకృత్తులు బాగా తక్కువైనవారిలో యూరియా తక్కువగా తయారై, మూత్రం చిక్కబడే శక్తి తగ్గడం దీనికి నిదర్శనం. అయితే ఉప్పు, యూరియా అక్కడ ఏ వరుసలో ఎలా కలిసి పనిచేస్తాయన్న దానిపై పరిశోధకుల్లో ఏకాభిప్రాయం లేదు.

కూడబెట్టిన ఉప్పు కొట్టుకుపోకుండా

దవ్వకూ రక్తం కావాలి. మామూలు రక్తనాళాలు ఉంటే పేరుకున్న ఉప్పును నిమిషాల్లో కడిగేసేవి. అందుకే ఇక్కడి నాళాలు కూడా శిక్యంలాగే దిగి, మలుపు తిరిగి, ఎక్కుతాయి. వీటి పేరు వాసా రెక్టా. దిగేటప్పుడు రక్తంలోకి ఉప్పు చేరి నీరు బయటికి పోతుంది. ఎక్కేటప్పుడు అదే ఉప్పు బయటికి వచ్చి నీరు లోపలికి వెళ్తుంది. లాభనష్టాలు దాదాపు సరిపోతాయి. పైగా లోపలి దవ్వకు వెళ్లే రక్తం మూత్రపిండానికి వచ్చే మొత్తంలో చాలా చిన్న వాటా. ప్రవాహం నెమ్మది. దీనికి చెల్లించే మూల్యం ఆక్సిజన్ కొరత. శరీరంలో ఆక్సిజన్ అతి తక్కువగా ఉండే కణజాలాల్లో దవ్వ ఒకటి.

తాళం వాసోప్రెసిన్ చేతిలో

ఎక్కే పాయ దాటి పైకి వచ్చిన ద్రవం గాఢత 100 మాత్రమే. అంటే శిక్యం మూత్రాన్ని నేరుగా చిక్కబరచదు, ఆ మాటకొస్తే పలచన చేసి పంపుతుంది. అది చేసేది దవ్వను గాఢంగా మార్చి పెట్టడం. ఆ గాఢతను వాడుకోవాలా వద్దా అన్నది సంగ్రహణ నాళం దగ్గర తేలుతుంది.

ఒంట్లో నీరు తగ్గి రక్తం గాఢత ఒక్క శాతం పెరిగినా మెదడులోని హైపోథలామస్ పసిగడుతుంది. పిట్యూటరీ గ్రంథి నుంచి వాసోప్రెసిన్ హార్మోన్ విడుదలవుతుంది. దాని ప్రభావంతో సంగ్రహణ నాళం కణాల లోపల దాచి ఉన్న నీటి ద్వారాలు గోడ మీదికి వస్తాయి. నాళం గాఢమైన దవ్వ గుండా దిగుతున్నప్పుడు నీరు బయటికి పోయి, మూత్రం 1200 దాకా చిక్కబడుతుంది. నీళ్లు ఎక్కువ తాగితే హార్మోన్ తగ్గుతుంది, ద్వారాలు వెనక్కి వెళ్తాయి, పలచని ద్రవం అలాగే బయటికి పోతుంది. అప్పుడు మూత్రం గాఢత 50కి కూడా దిగగలదు. ఆక్వాపోరిన్లను కనుగొన్న పీటర్ ఆగ్రేకు 2003లో రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది.

దీని విలువ ఒక చిన్న లెక్కతో తెలుస్తుంది. మామూలు తిండి తినే మనిషి రోజుకు సుమారు 600 మిల్లీఆస్మోల్ లవణాలు, యూరియా బయటికి పంపాలి. గరిష్ఠంగా 1200 దాకా చిక్కబరచగలిగితే దానికి అర లీటరు నీరు చాలు. రక్తంతో సమానంగా 300 దగ్గరే ఆగిపోతే రెండు లీటర్లు కావాలి. 50 దగ్గర ఉంటే 12 లీటర్లు పోతాయి. వాసోప్రెసిన్ తయారుకాని, లేదా మూత్రపిండం దాని మాట వినని డయాబెటిస్ ఇన్సిపిడస్ రోగుల్లో జరిగేది ఈ చివరిదే. వడదెబ్బ రోజుల్లో చెమట రూపంలో లీటర్లకొద్దీ నీరు పోతున్నప్పుడు అర లీటరుకూ రెండు లీటర్లకూ మధ్య ఉన్న ఆ ఒకటిన్నర లీటర్ల తేడా చిన్నది కాదు.

ఫ్యూరోసెమైడ్ మాత్ర పనిచేసేది సరిగ్గా మందపాటి ఎక్కే పాయ మీదే. ఉప్పు తోడే ప్రోటీనును అది అడ్డుకుంటుంది. ఉప్పు గొట్టంలోనే ఉండిపోతుంది, దవ్వ గాఢతా కరిగిపోతుంది. వాసోప్రెసిన్ ఎంత ఉన్నా లాగడానికి బలం ఉండదు. గుండె జబ్బులో ఒంట్లో చేరిన నీరు ఆ మాత్రతో గంటల్లో దిగిపోవడం అందుకే. సోడియం, పొటాషియం పడిపోయే ప్రమాదమూ అందుకే.

శిక్యం దెబ్బతింటే

ఆదివాసీ ప్రాంతాల్లో కనిపించే సికిల్ సెల్ వ్యాధి ఈ యంత్రాంగాన్ని సరిగ్గా దాని బలహీనమైన చోట కొడుతుంది. పాడేరు, భద్రాచలం, ఉట్నూరు ఏజెన్సీలూ అందుకు మినహాయింపు కాదు. ఆక్సిజన్ తగ్గినప్పుడు ఈ రోగుల ఎర్రకణాలు కొడవలి ఆకారంలోకి వంగుతాయి. దవ్వలో ఆక్సిజన్ ఎలాగూ తక్కువ. దానికి తోడు అక్కడి గాఢత ఎర్రకణంలోంచి నీటిని లాగి, లోపలి హిమోగ్లోబిన్‌ను మరింత దగ్గరగా చేరుస్తుంది. కణాలు వంగి వాసా రెక్టాలో ఇరుక్కుంటాయి. క్రమంగా ఆ నాళాలు, వాటి పక్కనున్న పొడవాటి శిక్యాలు నశిస్తాయి.

ఫలితంగా మూత్రం గాఢత 400 పరిసరాలు దాటదు. పై లెక్క ప్రకారం అర లీటరుతో అయ్యే పనికి లీటరున్నర కావాలి. ఇలాంటి పిల్లలు రాత్రుళ్లు పదేపదే మూత్రానికి లేస్తారు, పెద్దయ్యాకా పక్క తడుపుతుంటారు. ఎండలో త్వరగా నీరసిస్తారు. ఒంట్లో నీరు తగ్గితే కణాలు మరింత వంగి నొప్పుల సంక్షోభం మొదలవుతుంది. చిన్న వయసులో రక్తం ఎక్కిస్తే చిక్కబరిచే శక్తి కొంతవరకు తిరిగి వస్తుంది. ఆ వయసు దాటాక రాదు. జబ్బు లేకుండా ఒక్క జన్యువు మాత్రమే మోసేవారిలోనూ కొంతమేర ఈ లోపం ఉంటుంది.

దీన్ని పసిగట్టడానికి పెద్ద పరికరాలు అక్కర్లేదు. రాత్రంతా నీళ్లు తాగని ఆరోగ్యవంతుడి తొలి మూత్రం సాపేక్ష సాంద్రత సాధారణంగా 1.020 దాటుతుంది. అది పదేపదే 1.010 దగ్గరే నిలిచిపోతే, మూత్రం రక్తంతో సమాన గాఢతలోనే బయటికి వస్తోందని అర్థం. దీర్ఘకాలిక మూత్రపిండాల జబ్బు ముదిరినప్పుడూ ఇదే జరుగుతుంది. అయితే సికిల్ సెల్ ఉన్నవారిని పరీక్ష పేరుతో నీళ్లకు దూరంగా ఉంచకూడదు. వారికి దాహం వేసే దాకా ఆగకుండా రోజంతా నీళ్లు తాగించడమే చికిత్సలో భాగం. క్రియాటినిన్ పరీక్ష వడపోత గురించి చెబుతుంది, మూత్రంలో ఆల్బుమిన్ జల్లెడ గురించి చెబుతుంది, సాపేక్ష సాంద్రత హెన్లీ శిక్యం, సంగ్రహణ నాళాల గురించి చెబుతుంది. ఒకటి సరిగా ఉన్నంత మాత్రాన మిగతావి సరిగా ఉన్నట్టు కాదు.